టాబ్లోలో రెండు మెజర్లను ఒకే చార్టులో కలిపే ముందు జాగ్రత్తలు

రివ్యూ మీటింగ్ దగ్గర పడే కొద్దీ డాష్‌బోర్డులో చోటు చాలదు, చూపించాల్సినవేమో పెరుగుతాయి. రెండో మెజర్ పిల్ మీద రైట్ క్లిక్ చేసి Dual Axis నొక్కాలనిపించేది అప్పుడే. నొక్కగానే రెండు గీతలు ఒకే చార్టులోకి వస్తాయి. కానీ ఎడమ వైపు స్కేలు వేరు, కుడి వైపు స్కేలు వేరు. చూసేవాళ్లు ఈ రెండు స్కేళ్లనూ చదివి లెక్కేసుకోరు. గీతలు కలిసి నడుస్తున్నాయా లేదా అన్నదే చూస్తారు.

ఇందులో ప్రమాదం ఎంతో తెలియాలంటే సంబంధం లేని అంకెలు కలిసి నడిచే చార్టులను సేకరించిన టైలర్ విగెన్ ప్రచారంలోకి తెచ్చిన ఒక ఉదాహరణను టాబ్లోలో వేసి చూడండి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 2000లో ప్రతి 1000 మందికి 5.0 విడాకులు జరిగాయి, 2009కి అది 4.1కి దిగింది. అదే పదేళ్లలో అమెరికాలో వెన్నకు బదులుగా వాడే మార్జరిన్ తలసరి వాడకం 8.2 పౌండ్ల నుంచి 3.7కి పడిపోయింది. ఈ రెండింటి కోరిలేషన్ 0.99.

Dual Axis పెట్టగానే టాబ్లో మామూలుగా రెండు యాక్సిస్‌లనూ సున్నా నుంచి మొదలుపెడుతుంది. రెండు గీతలూ పైనే బయలుదేరతాయి. చివరికి వచ్చేసరికి విడాకుల గీత ఇంకా పైనే ఉంటుంది, మార్జరిన్ గీత సగం కిందకి దిగిపోతుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందన్న అనుమానం ఎవరికీ రాదు. ఇప్పుడు ఒక్కో యాక్సిస్ మీద రైట్ క్లిక్ చేసి, Edit Axisలో Include zero టిక్ తీసేయండి. రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. డేటా మారలేదు, మారింది రెండు టిక్కులే. మార్జరిన్ మానేస్తే కాపురాలు నిలబడతాయని నమ్మించడానికి ఇంతకంటే ఏం కావాలి?

అందుకే మొదట చూడాల్సింది యూనిట్. రెండు మెజర్లూ రూపాయలే అయితే, ఉదాహరణకు అమ్మకాలు, టార్గెట్ అయితే, Dual Axis నిక్షేపంగా వాడుకోవచ్చు. కాకపోతే కుడి యాక్సిస్ మీద రైట్ క్లిక్ చేసి Synchronize Axis తప్పకుండా నొక్కాలి. ఆ ఆప్షన్ బూడిద రంగులో ఉండి పనిచేయకపోతే, ఒక ఫీల్డు పూర్ణాంకం, ఇంకోటి దశాంశం అయి ఉండొచ్చు. డేటా టైపు మార్చి చూడండి. యూనిట్లు వేరైతే మాత్రం సింక్రనైజ్ చేసినా లాభం లేదు. పౌండ్లనూ విడాకుల రేటునూ ఒకే స్కేలు మీద కొలిచి ఏం తెలుసుకుంటాం?

యూనిట్లు వేరైనప్పుడు అడగాల్సింది, ఏది ఎంత శాతం మారిందని. దానికి మొదటి ఏడాదిని 100గా తీసుకుని రెండింటినీ ఒకే యాక్సిస్ మీదకి తెస్తే చాలు. ఒక్కో మెజర్‌కి ఇలాంటి కాలిక్యులేషన్ రాసి, Compute Using కింద ఏడాదిని ఎంచుకోండి:

```
SUM([Margarine]) / LOOKUP(SUM([Margarine]), FIRST()) * 100
```

అప్పుడు 2009లో విడాకులు 82 దగ్గర, మార్జరిన్ 45 దగ్గర కనిపిస్తాయి. ఒకటి 18 శాతం తగ్గింది, ఇంకోటి 55 శాతం. ఆ ఎడం దాచడానికి వీల్లేదు.

స్కాటర్ ప్లాట్ వేస్తే నిజం తేలిపోతుందని చాలామంది అంటారు. ఈ ఉదాహరణలో తేలదు, చుక్కలు చక్కగా ఒకే వరుసలో పడతాయి. వందల వేల డేటా వరుసల్ని కంప్యూటర్‌తో జల్లెడ పడితే, పది పాయింట్లు ఇలా కలిసే జంటలు దొరక్క మానవు. కాబట్టి ఒకటి ఇంకోదాన్ని ఎలా కదిలిస్తుందో మీరు మాటల్లో చెప్పలేకపోతే, ఆ రెండింటినీ ఒకే చార్టులో పెట్టకండి. రెండు పిల్స్‌నీ Rowsలో విడిగానే ఉంచితే టాబ్లో ఒకదాని కింద ఒకటి రెండు పట్టీలుగా చూపిస్తుంది. కాలం ఒకటే కాబట్టి పోల్చుకోవాలనుకున్నవాళ్లు పోల్చుకుంటారు, గీతలు మాత్రం ఒకదాన్నొకటి తాకవు.

గీతలు ఖండించుకునే చోటు గురించి కూడా ఒక మాట. "మార్చిలో ఫిర్యాదులు అమ్మకాల్ని దాటేశాయి" అని మీటింగులో ఎవరో ఒకరు అంటారు. యూనిట్లు వేరైనప్పుడు ఆ ఖండనకు అర్థమే లేదు. కుడి యాక్సిస్ రేంజ్ కాస్త జరిపితే అది మార్చి నుంచి జూన్‌కి పోతుంది.

తప్పనిసరిగా Dual Axisతోనే పంపాల్సి వస్తే ఫిల్టర్లను పరీక్షించండి. రేంజ్ Automaticలో ఉంటే, వాడేవాళ్లు ప్రాంతం మార్చిన ప్రతిసారీ రెండు యాక్సిస్‌లూ విడివిడిగా సాగుతాయి, కుదించుకుంటాయి. మీరు చూసినప్పుడు దూరంగా ఉన్న గీతలు వాళ్ల స్క్రీన్ మీద అతుక్కుపోవచ్చు. Fixed పెడితే ఆ ఇబ్బంది పోతుంది గానీ, పెద్ద విలువలు చార్టు బయటికి తెగిపోతాయి. ప్రతి ఫిల్టర్ విలువా ఒకసారి నొక్కి చూడక తప్పదు. ఇక శుభ్రంగా కనిపిస్తుందని Show Header టిక్ తీసి కుడి యాక్సిస్‌ను దాచేయడం, సింక్రనైజ్ చేసిన చార్టులో తప్ప ఇంకెక్కడా చేయకండి.