కోతల కాలంలో ట్రాలీ రాత్రిపూట రోడ్డెక్కే ముందు

నవంబరు వచ్చిందంటే పల్లె రోడ్ల మీద ట్రాక్టర్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. కోత మిషన్ సాయంత్రానికి మడి ఖాళీ చేస్తుంది. ధాన్యం ఎత్తేసరికి చీకటి పడుతుంది. కొనుగోలు కేంద్రంలోనో మిల్లు దగ్గరో వరుసలో నిలబడి, దింపుకొని ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పత్తి బోరాలు జిన్నింగ్ మిల్లుకు వెళ్లేదీ ఈ రోజుల్లోనే. సంక్రాంతి దాకా తెల్లవారుజామున మంచు ఉండనే ఉంటుంది. ఈ కాలంలో ట్రాలీకి ముందునుంచి కన్నా వెనకనుంచే ముప్పు ఎక్కువ.

ఎందుకో ఒక లెక్క చూడండి. కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే సెకనుకు 22 మీటర్లు. ఎదురుగా మరో బండి వస్తుంటే డ్రైవర్ డిమ్ లైటు మీదే నడపాలి. ఆ వెలుగులో మట్టి పట్టిన ట్రాలీ వెనక తలుపు సుమారు 50 మీటర్ల దగ్గరికి వచ్చాక గానీ కనిపించదు. కనిపించింది ఏమిటో అర్థమై కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి చీకట్లో రెండు సెకన్లు పట్టినా 44 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పడ్డాక పొడి తారు మీద కారు ఆగడానికి ఇంకో 40 మీటర్లు కావాలి. కావలసింది 84, ఉన్నది 50. ట్రాలీ ఆగి ఉంటే గుద్దుకోవడం ఖాయం. గంటకు 15 కిలోమీటర్లతో కదులుతున్నా పరిస్థితి కొద్దిగానే మెరుగవుతుంది. డ్రైవర్ తాగాడా, నిద్రమత్తులో ఉన్నాడా అన్నది తర్వాతి మాట. మంచి డ్రైవరైనా ఆగలేని దూరం అది. అదే శుభ్రమైన రిఫ్లెక్టర్ టేపు ఉంటే ఆ డిమ్ లైటుకే 150 మీటర్లకు పైనుంచి మెరుస్తుంది.

ట్రాక్టర్ కొన్నప్పుడు వెనక ఎర్ర లైట్లు, రిఫ్లెక్టర్లు కంపెనీ బిగించే ఇస్తుంది. ట్రాలీ తగిలించగానే అవన్నీ దాని వెనక దాక్కుంటాయి. కాబట్టి ట్రాలీకి తనవంటూ లైట్లు, రిఫ్లెక్టర్లు ఉండాలి. చట్టం దృష్టిలో ట్రాలీ కూడా విడి వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్, బీమా కావాలి. రిఫ్లెక్టర్ల సంగతి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 104వ నిబంధన చెబుతుంది. ఆచరణలో గుర్తుంచుకోవాల్సింది రంగులు: ముందు తెలుపు, పక్కలకు పసుపు, వెనక ఎరుపు. ఈ వరస తప్పితే ఎదుటివాడికి మీ బండి వస్తోందో పోతోందో తెలియదు.

టేపు కొనేటప్పుడే మోసం జరుగుతుంది. పగలు తళతళలాడే డెకరేషన్ స్టిక్కర్లు రాత్రిపూట ఎందుకూ పనికిరావు. అసలైన టేపును దగ్గరగా చూస్తే తేనెపట్టులాగానో వజ్రం గళ్లలాగానో సన్నటి అల్లిక కనిపిస్తుంది. అంగుళమో అరంగుళమో కాకుండా 50 మిల్లీమీటర్ల వెడల్పుది తీసుకోండి. దుకాణంలోనే ఒక ముక్క గోడకు ఆనించి, ముప్పై అడుగులు వెనక్కి వెళ్లి, ఫోన్ టార్చిని కంటి పక్కనే పెట్టుకుని చూడండి. టార్చి నడుము దగ్గర పట్టుకుంటే పరీక్ష తప్పుతుంది. ఈ టేపు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది కాబట్టి కన్ను, లైటు ఒకేచోట ఉండాలి. మంచిదైతే లైటు వేసినట్టు భగ్గుమంటుంది. నాసిరకమైతే బూడిదరంగులో ఊరుకుంటుంది.

అంటించడంలోనూ తొందరపడొద్దు. తుప్పును వైరు బ్రష్‌తో గీకి, సబ్బునీళ్లతో కడిగి, ఎండాక థిన్నర్ గుడ్డతో తుడవాలి. కిరోసిన్ వాడితే జిడ్డు మిగిలి వారానికే అంచులు లేస్తాయి. రివెట్ల మీదుగా, రేకుల అతుకుల మీదుగా లాగకుండా అక్కడ కత్తిరించి మళ్లీ మొదలుపెట్టండి. వెనక తలుపు మధ్యలో ఒక్క ముక్క అంటించి వదిలేస్తే దూరంనుంచి అది మోటార్ సైకిల్ లైటులా కనిపిస్తుంది. రెండు చివరలా, కింది అంచు పొడవునా అంటిస్తేనే ఇంత వెడల్పు బండి ఉందని తెలుస్తుంది. తలుపు కిందికి వేలాడేసి నడిపే అలవాటు ఉంటే దాని లోపలి వైపు కూడా అంటించుకోండి. ఇంత చేసినా, దమ్ము చేసిన పొలంలోంచి బయటికి రాగానే అంతా బురద. చేలగట్టు దాటి తారు ఎక్కే చోట ఒక తడిగుడ్డతో తుడవడం నిమిషం పని.

ఇక మెల్లగా వెళ్లే బండి గుర్తు. మూలలు తెగ్గోసిన త్రికోణం, మధ్యలో నారింజ కలిసిన నిగనిగలాడే ఎరుపు, చుట్టూ ముదురు ఎరుపు అంచు. మధ్యభాగం పగటి వెలుగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అంచు రాత్రి లైట్లకు మెరుస్తుంది. ఈ గుర్తు 1960లలో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పుట్టింది. మన రోడ్ల మీద తక్కువగా చూస్తాం గానీ పెట్టుకోవడం మంచిదే. టేపు ఇక్కడో బండి ఉందని చెబుతుంది. త్రికోణం అది నత్తనడక బండి అని చెబుతుంది. వెనక వచ్చేవాడికి రెండోదే ముందుగా తెలియాలి. కొన పైకి ఉండేలా, వెనకవైపు మధ్యలో, నడుముకూ ఛాతీకీ మధ్య ఎత్తులో బిగించండి. ట్రాలీ తగిలించినప్పుడు ట్రాక్టర్‌కు ఉన్నది కనబడదు కాబట్టి ట్రాలీకి ఇంకొకటి కావాలి. బండి చెడిపోయినప్పుడు రోడ్డు మీద నిలబెట్టే బోలు త్రికోణం వేరు. దాని బదులు ఇది, దీని బదులు అది వాడొద్దు.

లైట్ల విషయంలో ఎక్కువగా తెగేది ట్రాక్టర్‌నుంచి ట్రాలీకి వెళ్లే వైరు. మలుపులో కొక్కెం దగ్గర నలిగి తెగుతుంది, అతికించేవాళ్లు ఉండరు. బయల్దేరే ముందు ఒకరు వెనక నిలబడి ఎర్ర లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్ వెలుగుతున్నాయో లేదో చూడాలి. ఇంకో తప్పు దీనికన్నా ప్రమాదం. రాత్రి దున్నకానికి వాడే తెల్ల లైటు వెనక్కి తిరిగి ఉంటుంది. దాన్ని ఆర్పకుండా రోడ్డెక్కితే వెనక వచ్చేవాడు ఎదురుగా బండి వస్తోందని పొరబడతాడు, పైగా కళ్లు బైర్లు కమ్ముతాయి. ముందు లైట్లలో ఒకటే వెలిగితే ఎదుటివాడు దాన్ని బైకనుకుని పక్కగా దూరిపోతాడు.

వరిగడ్డి, పత్తి, చెరకు వేసినప్పుడు కష్టపడి అంటించిన టేపంతా లోడు కింద కనుమరుగవుతుంది. ఒక పాత పలక తీసుకుని, రెండు చివరలా ఎర్ర టేపు, మధ్యలో త్రికోణం బిగించి, లోడు చివర తాడుతో వేలాడదీయండి. మోకు బిగించాక చివరి పని అదే అనుకోండి. పగటికి ఎర్రగుడ్డ చాలు, రాత్రికి గుడ్డ చాలదు. పలక పక్కన బ్యాటరీతో వెలిగే ఎర్రలైటు కట్టండి.

పక్కల పసుపు టేపు అవసరం హైవే దాటేటప్పుడు తెలుస్తుంది. ట్రాక్టరూ ట్రాలీ కలిపి దాదాపు 8 మీటర్లు. అటువైపు రెండు వరసల రోడ్డు 7 మీటర్లు. నిలబడ్డచోటునుంచి లోడుతో కదిలి ఈ 15 మీటర్లు దాటడానికి 8 సెకన్లు పడుతుంది. గంటకు 90తో వచ్చే కారు ఆ 8 సెకన్లలో 200 మీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి 200 మీటర్లకు ఇవతల లైటు కనిపిస్తే ఆగిపోవడమే. అంత దూరం కనబడని వంపు దగ్గర దాటనే వద్దు. డివైడర్ సందులో సగం ఆగి రెండోవైపు చూసుకుందామంటే ట్రాలీ తోక మొదటి రోడ్డు మీదే ఉండిపోతుంది. పెట్రోలు బంకు దగ్గరే కదా అని రాంగ్ రూట్లో పోవడం గురించి నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, అయినా రోజూ చూస్తున్నాం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ట్రాక్టర్లను అసలు రానివ్వరు.

రోడ్డెక్కే ముందు ఇంకో రెండు. పొలంలో మలుపులకు విడివిడిగా తొక్కే కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను గొళ్లెంతో కలపాలి. మరిచిపోయి వేగంలో ఒక్కటే తొక్కితే బండి అటువైపు లాగేసి తిరగబడుతుంది. దమ్ముకు వాడే కేజ్ వీల్స్‌తో తారు రోడ్డు మీదికి రావడం నేరం. రోడ్డు పాడవుతుంది, చక్రం పట్టు కూడా జారుతుంది. ట్రాలీలో కూలీలను ఎక్కించుకునేవారు ఒకటి తెలుసుకోండి: మామూలు వ్యవసాయ ట్రాక్టర్ పాలసీ ట్రాలీలో కూర్చున్నవాళ్లను లెక్కలోకి తీసుకోదు. జాతరకైనా, నాట్లకైనా అంతే.

బండి మధ్యలో చెడితే వీలైనంత వరకు అన్ని చక్రాలూ మట్టి పక్కకు దించండి. బోలు త్రికోణాన్ని బండికి ఆనించి కాకుండా కనీసం 50 మీటర్ల వెనక, హైవే మీదైతే 100 మీటర్ల వెనక పెట్టండి. మనిషి టార్చితో రోడ్డు పక్కన నిలబడాలి, ట్రాలీ వెనక కాదు. జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయొచ్చు. మనవాళ్లు రాళ్లు, చెట్టుకొమ్మలు అడ్డంగా పెడతారు. బండి బాగైపోతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. మర్నాడు రాత్రి వాటిని ఎక్కేది ఎవరో బైకు మీద పోయేవాడు.

ఎడ్లబండి మోటారు వాహనం కాదు కాబట్టి రిఫ్లెక్టర్ నిబంధన నేరుగా దానికి వర్తించదు. అలాగని కారు దాన్ని చూసి ఆగదు కదా. వెనక చెక్కకు రెండు చివరలా ఎర్ర టేపు, చక్రాల ఆకులకు రెండు పక్కలా పసుపు ముక్కలు అంటిస్తే చక్రం తిరుగుతుంటే టేపు మిణుకుమంటుంది, కదిలే బండి అని ఇట్టే తెలుస్తుంది. ఎద్దుల కొమ్ములకు టేపు చుట్టడం ఎదురుగా వచ్చేవాళ్లకు పనికొస్తుంది. వెనకనుంచి వచ్చేవాళ్లకు పనికిరాదు, బండి కప్పేస్తుంది. ఇరుసు కింద వేలాడే లాంతరు మసక వెలుగు ఇప్పటి వేగాలకు సరిపోదు. అక్కడే ఎర్ర ఎల్‌ఈడీ లైటు కట్టుకోండి.

పట్నాల్లో ఈ-రిక్షాలది మరో తీరు. గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు, డ్రైవర్ కాక నలుగురు, 40 కిలోల సామాను అన్నది నిబంధన. రిజిస్ట్రేషన్, లైసెన్స్ తప్పనిసరి. వెనక కూర్చున్నవాళ్ల కాళ్లు, కూరగాయల బస్తాలు ఎర్ర రిఫ్లెక్టర్లను కప్పేస్తుంటాయి. అవి కనిపించేచోట, బాడీ అంచుల మీద, ఇంకో జత పెట్టించుకోవాలి. చాలామంది ఛార్జి మిగులుతుందని వెనక లైటు ఆర్పేసి నడుపుతారు. మోటారు వెయ్యి వాట్లు తాగే చోట వెనక ఎల్‌ఈడీ లైటు ఐదారు వాట్లు కూడా తినదు. అది ఆర్పి మిగిల్చుకున్నదానితో వీధి చివరకు కూడా పోలేరు.