వంకాయ వేపుడుకు ముందు ఆవిరి పట్టించండి
అన్నం, పప్పు, కూర ఉన్న భోజనంలో కొవ్వు ఎక్కువగా చేరేది వేపుడు నుంచే. కుక్కరులో ఉడికే అన్నానికీ కందిపప్పుకూ నూనె అవసరం లేదు కనుక అక్కడ చూసుకోవలసింది తాలింపు ఒక్కటే. వంకాయ గుజ్జు నిండా గాలి గదులుంటాయి కాబట్టి పచ్చి ముక్కలు మూకుడులో పడగానే నూనెను స్పాంజిలా పీల్చుకుంటాయి, అడుగంటుతోందని మనం మళ్లీ పోస్తాం. అందుకే పావుకిలో ముక్కలను ఇడ్లీ పాత్రలో ఐదారు నిమిషాలు, మెత్తబడినా విరిగిపోనంత వరకు ఆవిరిపై ఉంచితే ఆ గదులు కుంగిపోతాయి. కుక్కరులో పెడితే ఒక్క కూతకే గుజ్జయిపోతాయి. అది పచ్చడికే పనికొస్తుంది.

తరువాత తడి పూర్తిగా ఆరనిచ్చి, రెండు టీస్పూన్ల నూనె, ఉప్పు, కారం పట్టించి, ఎయిర్ ఫ్రయ్యరులో 180 డిగ్రీల వద్ద సుమారు 10 నిమిషాలు, మధ్యలో ఒకసారి కదిపి వేయించాలి. ముక్కలు ఎర్రబడకుండా పాలిపోయి ఉంటే తడి మిగిలిందని, లేదా బుట్ట కిక్కిరిసిందని అర్థం. మూకుడులో నాలుగు టేబుల్ స్పూన్లు పోసే ఇంట్లో దీనివల్ల సుమారు 45 గ్రాముల నూనె, అంటే దాదాపు 400 కేలరీలు తగ్గుతాయి. బెండకాయకు మాత్రం ఆవిరి వద్దు, జిగురెక్కుతుంది. దానిని నేరుగా ఎయిర్ ఫ్రయ్యరులోనే వేయాలి.