మాగే కాయల లెక్క ఎక్కడ తప్పుతుంది: సగం పనిలో ఉన్న సరుకు, సాధారణ నష్టం ఉన్నప్పుడు ప్రాసెస్ కాస్టింగ్ సమస్యలు - పరిష్కారాలు

చిత్తూరు చుట్టుపక్కల పల్ప్ ఫ్యాక్టరీలకు జూన్ 30 ఇబ్బందైన తేదీ. తోతాపురి సీజన్ మధ్యలో నెల ముగుస్తుంది. పుస్తకాలు మూసే రాత్రికి కొన్ని కాయలు మాగి పల్పింగ్‌కు వెళ్లిపోయి ఉంటాయి, కొన్ని గ్రేడింగ్ బల్ల దగ్గర కుళ్లినవిగా తేలి పక్కకు పోయి ఉంటాయి, మిగతావి ఇంకా గదుల్లో మాగుతుంటాయి. ఆ మూడింటికీ ఖర్చు పంచేటప్పుడు వచ్చే తప్పులు మూడు రకాలు, వాటితో పాటు సరైన లెక్కలోనే వచ్చే అనుమానం ఒకటి. అన్నింటినీ ఒకే లెక్క మీద చూద్దాం. ఇందులోని అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి, మార్కెట్ ధరలు కావు.

మొదటి ప్రాసెస్ కాయలు మాగేయడం. జూన్‌లో 1,00,000 కిలోల పచ్చికాయ దిగింది. రవాణాతో కలిపి కిలో ₹11.60 చొప్పున మెటీరియల్ ₹11,60,000. కూలీ, కరెంటు, గదుల ఖర్చు కలిపి ₹1,76,000. ప్రారంభ సరుకు లేదు. 75,000 కిలోలు మాగి పల్పింగ్‌కు వెళ్లాయి, 5,000 కిలోలు గ్రేడింగ్ బల్ల దగ్గర కుళ్లు కింద పోయాయి, 20,000 కిలోలు సగటున 60 శాతం పని అయి గదుల్లోనే ఉన్నాయి. బల్ల దాకా వచ్చిన కాయలో 5 శాతం పోవడం సాధారణం. పోయిన కాయ కిలో ₹2కు అమ్ముడవుతుంది.

ముందు సరైన జవాబు. బల్ల దాకా వచ్చింది 80,000 కిలోలు, అందులో 5 శాతం అంటే 4,000 కిలోలు సాధారణ నష్టం. మిగిలిన 1,000 కిలోలు అసాధారణ నష్టం. సాధారణ నష్టానికి ఈక్వివలెంట్ యూనిట్లు సున్నా. దాని అమ్మకపు విలువ ₹8,000ను మెటీరియల్ ఖర్చు నుంచి తీసేస్తాం.

| | మెటీరియల్ యూనిట్లు | కూలీ, ఇతర ఖర్చుల యూనిట్లు |
|---|---|---|
| మాగి వెళ్లినది | 75,000 | 75,000 |
| అసాధారణ నష్టం | 1,000 | 1,000 |
| గదుల్లో ఉన్నది | 20,000 | 12,000 |
| మొత్తం | 96,000 | 88,000 |
| ఖర్చు | ₹11,52,000 | ₹1,76,000 |
| కిలో రేటు | ₹12 | ₹2 |

పల్పింగ్‌కు వెళ్లిన కాయ విలువ ₹10,50,000. అసాధారణ నష్టం ₹14,000. గదుల్లోని సరుకు ₹2,64,000. సాధారణ నష్టం ₹8,000. మొత్తం ₹13,36,000, పెట్టిన ఖర్చూ అంతే. అసాధారణ నష్టపు కాయను అమ్మితే వచ్చే ₹2,000 దాని సొంత ఖాతాకే పోతుంది; మిగిలిన ₹12,000 కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది.

గదుల్లోని సరుకు, కొన్న ధర కంటే చవకగా కనిపిస్తోంది

ముగింపు సరుకు విలువను దాని బరువుతో భాగించండి. పై లెక్కలో ₹2,64,000 ÷ 20,000 అంటే కిలో ₹13.20. ఈ అంకె ₹11.60 కంటే తక్కువ వచ్చిందంటే ఎక్కడో తప్పుంది. పచ్చికాయ కొని, కొన్ని రోజులు మాగేశాక అది కొన్నప్పటి కంటే చవక కాదు కదా.

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: పని 60 శాతం అయిందని మెటీరియల్‌కు కూడా 60 శాతమే వేయడం. అప్పుడు మెటీరియల్ యూనిట్లు 88,000 అవుతాయి, రేటు ₹13.09కు ఎగబాకుతుంది, గదుల్లోని సరుకు విలువ ₹1,81,091కి పడిపోతుంది. అంటే కిలో ₹9.05. తగ్గిన ₹82,909లో ₹81,818 పల్పింగ్‌కు వెళ్లిన కాయ నెత్తిన పడుతుంది, మిగతాది అసాధారణ నష్టం మీద. జూన్ పల్ప్ ఖరీదుగా, జూలై పల్ప్ చవకగా కనిపిస్తుంది. ఆ ధర చూసి డ్రమ్ము రేటు చెప్పేవాళ్లు రెండు నెలలూ తప్పు రేటే చెబుతారు.

సరిచేయడానికి ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ ఖర్చు సరుకు మీద ఎప్పుడు పడింది? కాయ మొదటి రోజే పూర్తిగా దిగింది కాబట్టి 100 శాతం. కూలీ, కరెంటు రోజూ పడేవి కాబట్టి గడిచిన రోజుల నిష్పత్తి. ఎథిలీన్ వాయువు ఖర్చు విడిగా చెప్పుకోదగ్గంత ఉంటే దాన్ని కరెంటుతో కలపకండి. అది తొలి దశలోనే వాడేది కాబట్టి, వాయువు పట్టడం పూర్తయిన గదులకు అదీ 100 శాతమే.

ఇక ఆ 60 శాతాన్ని ఎవరో నోటితో చెప్పారని రాసుకోకూడదు. గది రిజిస్టర్ తీసి లాట్ వారీగా కట్టాలి. మాగడానికి ఐదు రోజులు పట్టే చోట, రెండు రోజులైన 8,000 కిలోలు 3,200 యూనిట్లు, మూడు రోజులైన 4,000 కిలోలు 2,400, నాలుగు రోజులైన 8,000 కిలోలు 6,400. మొత్తం 12,000. శాతం అలా తేలాలి, ముందే అనుకుని రాయకూడదు.

ప్రాసెస్ ఖాతా సరిపోవడం లేదు

ఇది త్వరగా దొరికే తప్పు, ఎందుకంటే తేడా అంకే కారణం చెబుతుంది. క్రెడిట్ వైపు సరిగ్గా ₹8,000 ఎక్కువైతే, సాధారణ నష్టపు అమ్మకపు విలువను ఖాతాలో చూపించారు గానీ మెటీరియల్ ఖర్చు నుంచి తీసేయలేదు. ₹2,000 తక్కువైతే, పోయిన 5,000 కిలోల విలువనంతా మెటీరియల్ నుంచి తీసేశారు; అసాధారణ నష్టపు 1,000 కిలోల విలువను అక్కడ ముట్టుకోకూడదు. ₹53,700 చిల్లర తక్కువైతే, సాధారణ నష్టపు 4,000 కిలోలనూ ఈక్వివలెంట్ యూనిట్లలో కలిపి రేటు కట్టి, ఖర్చు పంచేటప్పుడు మాత్రం ఆ కిలోలను వదిలేశారు.

ఖాతా పైసాతో సహా సరిపోయింది, కానీ జూలైలో అనుకోని నష్టం తేలింది

అన్నింటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే హెచ్చరించేది ఏదీ ఉండదు. 5 శాతాన్ని మొత్తం 1,00,000 కిలోల మీద కట్టారనుకోండి. సాధారణ నష్టం 5,000 అవుతుంది, పోయిందీ 5,000, కాబట్టి అసాధారణ నష్టం లేదు. మెటీరియల్ ₹11,50,000ను 95,000 యూనిట్లతో, కూలీ ₹1,76,000ను 87,000 యూనిట్లతో భాగిస్తే కిలో రేటు ₹14.13. వెళ్లిన కాయ ₹10,59,619, గదుల్లో ఉన్నది ₹2,66,381, సాధారణ నష్టం ₹10,000. కూడితే మళ్లీ ₹13,36,000. ఎక్కడా తేడా లేదు. కానీ జూన్‌లో 1,000 కిలోలు అదనంగా కుళ్లిన సంగతి కాగితం మీద మాయమైంది.

ఇప్పుడు జూలైకి రండి. గదుల్లోని 20,000తో పాటు కొత్తగా 60,000 కిలోలు దిగాయి, నెలాఖరుకు గదులు ఖాళీ అయ్యాయి. బల్ల దగ్గర 4,000 పోయింది. వచ్చిన 80,000లో అది సరిగ్గా 5 శాతం, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అదే పాత పద్ధతిలో కొత్త 60,000 మీద కడితే సాధారణ నష్టం 3,000, అసాధారణం 1,000. జూన్‌లో జరిగిన నష్టానికి జూలైలో గదులు చూసుకున్నవాళ్లు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. మరికొందరు జూలైలో ప్రారంభ సరుకును కూడా ఇన్‌పుట్‌లో కలిపి 4,000 కడతారు. అప్పుడు ఆ 20,000 కిలోలకు రెండు నెలల్లోనూ నష్టపు వాటా ఇచ్చినట్టే: మొత్తం 1,60,000 కిలోల కాయకు 8,000 బదులు 9,000.

నష్టం ఎక్కడ తేలుతుందో చూడకుండా శాతాన్ని ఇన్‌పుట్ మీద వేయడమే దీనికి మూలం. కుళ్లు గ్రేడింగ్ బల్ల దగ్గర, చివర్లో బయటపడుతుంది. గదుల్లో ఉన్న కాయ ఇంకా ఆ పరీక్షకు రాలేదు. కాబట్టి ఆధారం ఇది:

```
ప్రారంభ సరుకు + కొత్తగా దిగినది − ముగింపు సరుకు
```

జూన్‌లో 0 + 1,00,000 − 20,000. జూలైలో 20,000 + 60,000 − 0. రెండు నెలలకూ 80,000, సాధారణ నష్టం 4,000 చొప్పున.

ఈ సూత్రం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. కాయను గదిలోకి పంపకముందే ఏరేస్తే, గదిలో ఉన్నవి అప్పటికే పరీక్ష దాటేశాయి; అప్పుడు ఆ నెలలో దిగిన కాయంతా ఆధారం. పరీక్ష సగం పని దగ్గర జరిగితే, 40 శాతం దగ్గరున్న లాట్‌ను వదిలి 60, 80 శాతం లాట్లను ఆధారంలో ఉంచాలి. వరుస నెలల్లో ఒక లాట్‌ను ఒక్కసారే లెక్కలోకి తీసుకున్నారో లేదో కూడా సరిచూసుకోవాలి. తేమ పోయి బరువు తగ్గడం మాత్రం రోజూ జరిగేది. దాన్ని కుళ్లుతో కలిపి ఒకే శాతంగా రాసుంటే ముందు ఆ రెండింటినీ విడదీయాలి.

పరీక్ష రాసే విద్యార్థులకు ఒక మాట. ప్రశ్నలో సాధారణ నష్టం ప్రారంభ సరుకుతో కలిపిన మొత్తం ఇన్‌పుట్ మీద అని ఉంటే అలాగే కట్టండి. ఏమీ చెప్పకపోతే మీరు తీసుకున్న ఆధారాన్ని జవాబు మొదట్లో ఒక వాక్యంలో రాయండి.

కొన్న ధర ₹11.60 అయితే, గదుల్లోని కాయకు మెటీరియల్ ₹12 ఎందుకు?

సరైన లెక్కలోనే వచ్చే అనుమానం ఇది, న్యాయమైనది కూడా. సాధారణ నష్టానికి యూనిట్లు సున్నా చేయడం వల్ల దాని ఖర్చు మిగిలిన అందరి మీదా పడుతుంది, బల్ల దాకా రాని కాయ మీద కూడా. పాఠ్యపుస్తకాల్లో వాడుకలో ఉన్నది ఈ సులువు పద్ధతే. నష్టం చివర్లోనే తేలే చోట కచ్చితంగా కావాలంటే, సాధారణ నష్టపు 4,000 కిలోలకూ యూనిట్లు ఇచ్చి ముందు రేటు కట్టాలి: మెటీరియల్ 1,00,000 యూనిట్లకు ₹11.60, కూలీ 92,000 యూనిట్లకు సుమారు ₹1.913. గదుల్లోని సరుకు ₹2,54,957 అవుతుంది. సాధారణ నష్టపు ఖర్చు ₹54,052లోంచి ₹8,000 తీసేసి, మిగిలిన ₹46,052ను బల్ల దాటిన 76,000 కిలోల మీదే వేయాలి. పల్పింగ్‌కు వెళ్లే కాయ కిలో సుమారు ₹14.12 అవుతుంది.

రెండు పద్ధతుల మధ్య గదుల్లోని సరుకు విలువలో తేడా ₹9,043. ముగింపు సరుకు ఇంత పెద్దదిగా ఉన్న జూన్‌లో ఆ తేడా పట్టించుకోదగ్గదే. గదులు ఖాళీ అయ్యే సీజన్ చివరి నెలలో ముగింపు సరుకే ఉండదు కాబట్టి, ఈ పద్ధతి కోసం శ్రమపడనక్కర్లేదు. జూన్‌లో సులువు పద్ధతి వాడితే మాత్రం పై ₹9,043 ప్రారంభ సరుకులో దాక్కుని జూలై పల్ప్ ధరలోకి చేరుతుంది.