మార్చి 31 నాటి ఖాతాలు ముగించేటప్పుడు మూడు భావనలను ఏ వరుసలో వాడాలి?

అకౌంటింగ్ పాఠాల్లో గోయింగ్ కన్సర్న్ (వ్యాపారం కొనసాగుతుందన్న భావన), ప్రుడెన్స్ (ముందుజాగ్రత్త), కన్సిస్టెన్సీ (ఏకరీతి) మూడింటినీ ఒకదాని కింద ఒకటిగా చదువుకుంటాం. అందువల్ల వాటికి సమాన హోదా ఉన్నట్టు అనిపిస్తుంది. మన దేశంలో అమల్లో ఉన్న అకౌంటింగ్ స్టాండర్డ్ 1 మాత్రం కొనసాగింపు, ఏకరీతి, డబ్బు చేతులు మారినప్పుడు కాక రాబడీ ఖర్చూ ఏర్పడినప్పుడే లెక్కలోకి తీసుకునే అక్రూవల్ అనే మూడింటినే మూల ఊహలుగా గుర్తించింది. ముందుజాగ్రత్తను పద్ధతులు ఎంచుకునేటప్పుడు గమనించాల్సిన అంశాల్లో ఒకటిగా వేరే చోట ఉంచింది. మూల ఊహలను పాటించినప్పుడు ఆ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు, పాటించనప్పుడే చెప్పాలి. ఖాతాలు ముగించే పనిలో ఈ తేడా ఎక్కడ తగులుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

గుంటూరులో మిర్చి కొని, కోల్డ్ స్టోరేజీలో నిల్వ ఉంచి, కారం పట్టి అమ్మే ఒక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. సంవత్సరాంతాన దాని దగ్గర 400 క్వింటాళ్ల మిర్చి ఉంది. ఆ ఏడాది ధర పడిపోయింది. కంపెనీ మొదటి నుంచీ అనుసరిస్తున్న ఫిఫో పద్ధతిలో, అంటే ముందు కొన్నది ముందు వాడినట్టు లెక్కించే పద్ధతిలో, నిల్వ ఖరీదు క్వింటాకు రూ.16,000. మార్కెట్లో ధర రూ.13,000 పలుకుతోంది, అందులో కమీషనుకూ హమాలీకీ రవాణాకూ రూ.500 పోతుంది. 40 లక్షలకు కొన్న మిల్లు యంత్రాలకు పదేళ్ల జీవితకాలం లెక్కన నాలుగేళ్ల తరుగుదల తీసేస్తే పుస్తకాల్లో 24 లక్షలు మిగిలాయి. బ్యాంకు క్యాష్ క్రెడిట్ పరిమితి జూన్‌లో పునరుద్ధరణకు వస్తుంది.

మొదటి మెట్టు: సంస్థ నిలుస్తుందా?

చాలామంది స్టాకు విలువతో పని మొదలుపెడతారు. అది తలకిందుల వరుస, ఎందుకంటే యంత్రం విలువ 24 లక్షలని రాయగలగడమే సంస్థ ఇంకా ఆరేళ్లు ఆ యంత్రాన్ని వాడుతుందన్న ఊహ మీద ఆధారపడి ఉంది. మిల్లు మూతపడితే ఆ యంత్రాలకు పాత ఇనుము వ్యాపారి తొమ్మిది లక్షలే ఇస్తాడనుకుంటే, మిగిలిన 15 లక్షలు ఆ ఊహ వల్ల మాత్రమే ఆస్తిగా కనబడుతున్నాయి.

కాబట్టి ముందుగా, ఖాతాల తేదీ నుంచి కనీసం 12 నెలలకు నెలవారీ నగదు అంచనా వేయాలి. లాభాల అంచనా ఇక్కడ సరిపోదు, లాభంలో ఉన్న సంస్థ కూడా చేతిలో డబ్బు లేక ఆగిపోవచ్చు. మన ఉదాహరణలో జూన్‌లో 18 లక్షల లోటు కనబడిందనుకుందాం. బ్యాంకు పరిమితిని పునరుద్ధరిస్తేనే అది పూడుతుంది. యజమాని ‘బ్యాంకు తప్పకుండా ఇస్తుంది’ అని చెప్పిన మాటను ఆధారంగా తీసుకోకూడదు. మంజూరు పత్రం ఉందా, గడువు దాటిన బకాయిలు ఎన్ని రోజులవి, డైరెక్టర్లు తెస్తామన్న సొమ్ము ఖాతాలో పడిందా అని చూడాలి.

దీనికి జవాబు అవును, కాదు అనే రెండే కావు. ఆధారాలు గట్టిగా ఉంటే మామూలుగా ముగించవచ్చు. గణనీయమైన సందేహం ఉన్నా వాస్తవికమైన దారి ఒకటి మిగిలి ఉంటే, విలువలు కొనసాగింపు పద్ధతిలోనే రాసి, ఆ సందేహాన్ని నోట్స్‌లో సూటిగా చెప్పాలి. మూసివేత తప్ప దారి లేనప్పుడే ఆ ఊహను వదలాలి. మార్చి 31 తర్వాత, ఖాతాలను బోర్డు ఆమోదించేలోపు బ్యాంకు నిరాకరించి, వేరే దారి కూడా లేకపోతే, ‘అది వచ్చే ఏడాది సంగతి’ అని పక్కన పెట్టడానికి లేదు. సంస్థ కొనసాగదని తేల్చే పరిణామం తర్వాత జరిగినదైనా, అకౌంటింగ్ స్టాండర్డ్ 4 ప్రకారం పాత తేదీ ఖాతాలనే సవరించాలి.

మన కంపెనీకి మంజూరు పత్రం చేతికి వచ్చిందనుకుని ముందుకు పోదాం.

రెండో మెట్టు: ముందుజాగ్రత్త ఎంతవరకు?

సరుకును ఖరీదు, నికర అమ్మకపు విలువలలో ఏది తక్కువైతే దానికి చూపాలన్నది అకౌంటింగ్ స్టాండర్డ్ 2 నియమం. దీన్ని మొత్తం 400 క్వింటాళ్లకూ ఒకే గుద్దుగా అన్వయిస్తే, అమ్మకపు ఖర్చులు పోగా క్వింటాకు రూ.12,500 చొప్పున 50 లక్షలు వస్తుంది, అంటే 64 లక్షల ఖరీదు నుంచి 14 లక్షల తగ్గింపు. జాగ్రత్తపరుడైన అకౌంటెంటు చేసినట్టే కనిపిస్తుంది, కానీ ఇది తప్పు లెక్క.

కారణం, ఆ నిల్వలో 250 క్వింటాళ్లు ఇప్పటికే ఖరారైన కారం ఆర్డరు కోసం ఉంచినవి. క్వింటా మిర్చి నుంచి వచ్చే కారానికి ఒప్పందం ప్రకారం రూ.21,000 వస్తాయనీ, పట్టించి, ప్యాక్ చేసి, పంపడానికి రూ.3,500 అవుతుందనీ అనుకుంటే, మిగిలే రూ.17,500 ఖరీదు కంటే ఎక్కువే. తయారైన సరుకు ఖరీదుకో అంతకంటే ఎక్కువకో అమ్ముడయ్యేటప్పుడు, అందులో వాడే ముడిసరుకు విలువను తగ్గించకూడదు. కనుక ఆ భాగం 40 లక్షలకే ఉంటుంది. మిగిలిన 150 క్వింటాళ్లను మిర్చిగానే అమ్మాలి, వాటిని 24 లక్షల నుంచి 18.75 లక్షలకు దించాలి. అసలు నష్టం 5.25 లక్షలు, మొత్తం స్టాకు 58.75 లక్షలు.

గంపగుత్త లెక్కలో అదనంగా కోసిన 8.75 లక్షలు జాగ్రత్త కిందకు రావు. ఆర్డరు సరుకు వెళ్లగానే ఆ మొత్తం వచ్చే ఏడాది లాభంగా బయటపడుతుంది, చెడ్డ ఏడాది మరీ చెడ్డగా, తర్వాతి ఏడాది ఉన్నదానికంటే మంచిగా కనబడుతుంది. ఈ జబ్బును పట్టుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒకటుంది: గత మూడు నాలుగేళ్ల తగ్గింపులనూ, రాబోయే నష్టాల కోసం ఖాతాల్లో చేసిన ఏర్పాట్లనూ, ఆ తర్వాత నిజంగా జరిగిన నష్టాల పక్కన పెట్టి చూడాలి. ప్రతి ఏటా ఏర్పాటులో పెద్ద భాగం వెనక్కి తిరిగి వస్తుంటే, అక్కడ రహస్య నిల్వ తయారవుతోందన్నమాట.

ఇక్కడే మొదటి మెట్టు ఎందుకు మొదటిదో తెలుస్తుంది. మిల్లు నడవదనుకుంటే కారం ఆర్డరు నెరవేరదు, అప్పుడు ఆ 250 క్వింటాళ్లు కూడా రూ.12,500కు, తొందర అమ్మకమైతే ఇంకా తక్కువకు దిగుతాయి.

మూడో మెట్టు: పద్ధతి మార్చవచ్చా?

నష్టం చూసిన యజమాని ఈ దశలోనే సాధారణంగా అడుగుతాడు: ‘ఫిఫో బదులు సగటు ఖరీదు పెడితే?’ ధర పడుతున్న ఏడాదిలో సగటు ఖరీదు ఎక్కువ ఉంటుంది, రూ.17,000 అనుకుందాం. నాలుగు లక్షలు కలిసొస్తుందని ఆయన లెక్క. నిజానికి 150 క్వింటాళ్లు ఎలాగూ అమ్మకపు విలువ దగ్గరే ఆగుతాయి కనుక, పెరిగేది మిగిలిన 250 మీద 2.5 లక్షలే.

రెండు పద్ధతులూ నియమం ఒప్పుకున్నవే. అయినా పద్ధతి మార్పును చట్టమో, కొత్త స్టాండర్డో కోరాలి, లేదా దానివల్ల ఖాతాలు మరింత సముచితంగా కనబడాలి అంటుంది అకౌంటింగ్ స్టాండర్డ్ 5. ధర పడిన ఏడాదిలోనే పుట్టిన కోరికకు ఈ మూడో కారణం అతకదు. పైగా, మార్చితే ఆ 2.5 లక్షల ప్రభావాన్ని నోట్స్‌లో చెప్పాలి కనుక, దాచాలనుకున్నది అక్కడే బయటపడుతుంది.

ఒక్క సంగతి కలపకూడదు. యంత్రం పదేళ్ల బదులు ఎనిమిదేళ్లే నడుస్తుందని తేలితే ఆ అంకె మార్చడం ఏకరీతిని తప్పడం కాదు, అది అంచనా సవరణ. మిగిలిన 24 లక్షలను ఇక మీదట ఆరుకు బదులు నాలుగేళ్లలో తీసేస్తారు, పాత ఏళ్లను కదపరు.

చివరగా ఈ నిర్ణయాలను ఆధారాలతో సహా పైలులో పెట్టాలి: నగదు అంచనా, మంజూరు పత్రం, ఆర్డరు నకలు, సంవత్సరాంతపు మార్కెట్ ధర రుజువు, పద్ధతి మార్చకపోవడానికి కారణం. కంపెనీల చట్టం 2013లోని 134(5) సెక్షన్ కింద డైరెక్టర్లు సంతకం చేసే బాధ్యతా ప్రకటనలో ఈ మూడు భావనలూ ఉన్నాయి: పద్ధతులను ఏకరీతిగా పాటించామనీ, అంచనాలు సముచితంగా, జాగ్రత్తగా వేశామనీ, ఖాతాలను కొనసాగింపు పద్ధతిలో తయారు చేశామనీ వారు అందులో చెబుతారు. ఆ సంతకానికి ఆధారం ఏదని ఆడిటర్ అడిగినప్పుడు చూపించాల్సింది ఈ పైలునే.