మొక్కజొన్న ఊదా రంగుకు తిరిగితే ముందటి పంట ఏదో అడగండి

లేత మొక్కజొన్న ఆకుల అంచులు ఊదా రంగుకు తిరిగాయంటే భాస్వరం లోపమేమో అనుకుంటాం. నేల పరీక్షలో భాస్వరం సరిపడా ఉందని వస్తే, అంతకుముందు ఆ పొలంలో ఏ పంట వేశారో తప్పక అడగండి. వేర్లలో చేరి మొక్కకు భాస్వరం అందించే మైకోరైజా అనే శిలీంధ్రానికి ఆవాలు, క్యాబేజీ వంటివి ఆశ్రయం ఇవ్వవు. వాటి తర్వాత నేలలో ఆ శిలీంధ్రం తగ్గిపోయి, మొక్కజొన్న వేర్లకు అది ఆలస్యంగా అందుతుంది.

ఆలస్యమైతే నష్టమెందుకంటే, భాస్వరం నేలలో చాలా నెమ్మదిగా కదులుతుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా త్వరగానే పీల్చేస్తుంది, ఆ ఖాళీ మళ్లీ అంత త్వరగా నిండదు. శిలీంధ్ర తంతువులు వేరు వెంట్రుకల కంటే సన్నగా ఉండి, ఆ ఖాళీని దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం వెళ్లి, వేరు దూరలేని సందుల్లోంచి కూడా భాస్వరం తెచ్చి వేరు కణాల్లో అందిస్తాయి. బదులుగా మొక్క నుంచి చక్కెరలు, కొవ్వులు తీసుకుంటాయి.

అయితే చలి, గట్టిపడిన నేల కూడా ఇదే ఊదా రంగు తెస్తాయి, ముందు వాటిని పరిశీలించండి. మైకోరైజా ఎరువు వాడదలిస్తే విత్తనానికి, వేరుకు తగిలేలా వేయాలి. భాస్వరం ఎక్కువగా ఉన్న నేలలో మొక్కే ఈ స్నేహాన్ని తగ్గించుకుంటుంది, అక్కడ దానివల్ల పెద్దగా ఫలితం ఉండదు.