అప్రైజల్ సీజన్ ఇంటర్వ్యూలు: "ఎందుకు మారుతున్నారు?" అన్నప్పుడు జాగ్రత్త

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో చాలామందికి అప్రైజల్ లెటర్లు అందుతాయి. వెనకే ఇంటర్వ్యూలు మొదలవుతాయి. ఈమధ్యే ఒకబ్బాయి మూడు రౌండ్లు దాటి ఆఖరి మేనేజర్ రౌండులో పోగొట్టుకున్నాడు. ఎదుట కూర్చున్నాయనా తెలుగువాడే. "ఏ ఊరు మీది?" అన్నాడు, కాసేపు ఒంగోలు కబుర్లు నడిచాయి. ఆ తర్వాత "ఇంతకీ అక్కడేంటి ఇబ్బంది?" అన్నాడు. అప్పటిదాకా ఇంగ్లీషులో పొందిగ్గా చెప్పిన జవాబు తెలుగులోకి రాగానే పాత మేనేజర్ మీద చాడీ అయిపోయింది.

ఉన్న కంపెనీని తిట్టకూడదని అందరికీ తెలుసు, మొదటి జవాబులో ఎవరూ తిట్టరు కూడా. కొంప ముంచేది రెండో జవాబు. మీరు చెప్పడం అయ్యాక ఎదుటివాళ్లు ఐదారు సెకన్లు మాట్లాడరు. నోట్సు రాసుకుంటుంటారు, అంతే. ఆ నిశ్శబ్దం భరించలేక "అంటే, అక్కడ కొంచెం..." అని మొదలుపెడతారు. అక్కడే పోతుంది.

నిలకడైన ఉద్యోగం వదిలేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. కంపెనీ బాగానే ఉంది, జీతం సమయానికి పడుతోంది, మరెందుకు వెళ్తున్నాడు? గొడవపడ్డాడా, లేక మా ఆఫర్ చూపించి అక్కడ జీతం పెంచుకుంటాడా? వాళ్ల అనుమానాలివి. "గ్రోత్ కోసం" అంటే ఈ అనుమానం తీరదు, రెండో ప్రశ్న వస్తుంది. మీ గొడవలో ఎవరిది తప్పో తేల్చుకునే వీలు వాళ్లకు లేదు. రేపు తమ గురించి ఎలా మాట్లాడతారో మాత్రం తెలిసిపోతుంది.

వైట్‌ఫీల్డ్‌లో నాలుగేళ్లుగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ చేస్తున్నారనుకుందాం. అసలు కారణాలు మూడు: మేనేజర్ కొత్త పని ఇవ్వడు, రాత్రిళ్లు కాల్స్, హైక్ తక్కువ. ముందు కాగితం మీద రాసి, వాటిలోంచి మనుషుల్ని కొట్టేయండి. మొదటిదాంట్లో మేనేజర్ని తీసేస్తే "ఆ ప్రాడక్ట్‌లో ఇప్పుడున్నది మెయింటెనెన్స్ పనే" అన్న నిజం మిగులుతుంది. చెప్పాల్సింది అదే. రాత్రి కాల్స్ కారణంగా చెప్పొద్దు. చివర్లో "ఏమైనా అడుగుతారా?" అన్నప్పుడు, ఈ టీములో ఆన్‌కాల్ వంతులు ఎలా ఉంటాయని అడగండి. హైక్ సంగతి జీతం మాట్లాడే రోజుకు ఉంచండి. ముందే చెబితే "మీవాళ్లు పెంచితే ఉండిపోతారా?" అంటారు, దానికి మీ దగ్గర జవాబుండదు.

అప్పుడు జవాబు ఇలా వస్తుంది: "నాలుగేళ్లలో బిల్లింగ్ సిస్టమ్ లోతుగా తెలిసింది. ప్రొడక్షన్‌లో సమస్యొస్తే మూలం పట్టుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఆ ప్రాడక్ట్ ఇప్పుడు నిలకడకొచ్చింది, ఉన్నది ఎక్కువగా మెయింటెనెన్స్. మొదటినుంచి కట్టే పని చేయాలనుంది. మీరు కొత్త పేమెంట్స్ సర్వీస్ కడుతున్నారని జాబ్ డిస్క్రిప్షన్‌లో చూసి అప్లై చేశాను." అరనిమిషం పడుతుంది. ఆగిపోండి.

"అదొక్కటేనా?" అంటారు. "అవునండీ, ముఖ్యంగా అదే." మళ్లీ ఆగిపోండి.

"అక్కడే టీమ్ మారొచ్చుగా?" అన్నది మాత్రం ముందే సిద్ధం చేసుకోవాలి. కంపెనీలో లోపలి ఖాళీలు చూశారా, ఎవరినైనా అడిగారా? చూడకపోతే ఇంటర్వ్యూలు మొదలుపెట్టే ముందే చూడండి. "చూశాను, ఇప్పుడు ఖాళీల్లేవు" అన్నది నిజమైతేనే పనికొస్తుంది.

ఇంకొన్ని:

రిక్రూటర్‌కు ఫోన్లో చెప్పిన కారణమే ఆఖరి రౌండులోనూ చెప్పండి. రిక్రూటర్ అది రాసుకుని ముందుకు పంపుతారు.

"టాక్సిక్", "పాలిటిక్స్" అన్న మాటలు నోట రావద్దు.

కంపెనీని పొగిడి "కానీ" అనొద్దు. ముందు చెప్పిందంతా ఆ మాటతో కొట్టుకుపోతుంది.

ప్రాజెక్టు మూసేశారని అబద్ధమాడొద్దు. బెంగళూరులో ఒకే రంగంలో ఉన్నవాళ్లకు ఒకరికొకరు తెలుసు, ఒక్క ఫోన్ చాలు.

90 రోజుల నోటీసు ఉంటే 90 రోజులనే చెప్పండి. "వాళ్లు వదలరండీ" అనడం కూడా ఫిర్యాదే.

క్లయింట్ల పేర్లు, లోపలి లెక్కలు చెప్పొద్దు.

తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పండి. జవాబు మాత్రం ఇంగ్లీషులో చెప్పిందే.

లిఫ్ట్ దాకా సాగనంపేవాళ్లూ, కాఫీ ఇప్పించేవాళ్లూ ప్యానెల్‌లోవాళ్లే అనుకోండి. "ఇప్పుడు చెప్పండి, అసలు సంగతేంటి?" అంటే నవ్వి, ఇందాకటి జవాబే చెప్పండి. ఆ తర్వాత ఒక్క ముక్క కూడా వద్దు.