డిస్కౌంట్ చేసిన బిల్లు డబ్బు రాకుండా తిరిగొస్తే ఏం చేయాలి, లెక్క ఎలా రాయాలి?

ఇక్కడ బిల్లు అంటే షాపులో సరుకుతో పాటు ఇచ్చే ఇన్‌వాయిస్ కాదు. అప్పుకి సరుకు అమ్మినవాడు "ఫలానా తేదీకి ఇంత సొమ్ము చెల్లించు" అని రాస్తే, కొన్నవాడు దాని మీద సంతకం పెట్టి ఒప్పుకునే కాగితం. పుస్తకాల్లో దీని పేరు వినిమయ బిల్లు. మన పాత వర్తకులకు తెలిసిన హుండీకి ఇది దగ్గరి చుట్టం. దీన్ని నడిపించే చట్టం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్టే, చెక్కులకూ అదే.

బిల్లు రాయడం, దాన్ని డిస్కౌంట్ చేయడం, అంటే గడువుకి ముందే బ్యాంకులో ఇచ్చి కొంత కోత పోను డబ్బు తీసుకోవడం చాలామందికి వచ్చు. అది చెల్లకుండా తిరిగొచ్చిన రోజు ఏం చేయాలి, ఏం రాయాలి అన్న దగ్గరే తడబడతారు. ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి వెళ్దాం. మీరు గుంటూరులో మిర్చి వ్యాపారి. హైదరాబాద్‌లోని ఒక కారం మిల్లుకి 3,65,000 రూపాయల సరుకు మూడు నెలల అప్పుకి పంపారు.

1. బిల్లు రాసి, సంతకం తీసుకోవడం

2025 ఆగస్టు 13న మీరు బిల్లు రాశారు: "ఈ తేదీ నుంచి మూడు నెలలకు, మాకు గానీ మేం చెప్పినవారికి గానీ 3,65,000 రూపాయలు చెల్లించవలెను." మిల్లు యజమాని ఆ కాగితం మీదే అడ్డంగా "అంగీకరించాం" అని రాసి, సంతకం, ముద్ర వేసి పంపాడు. ఆ సంతకం పడేదాకా అది మీ కోరిక మాత్రమే. ఫోన్లో ఒప్పుకున్నా, మెసేజ్ పెట్టినా అంగీకారం కిందికి రాదు. బిల్లు మీద సంతకం ఉండాల్సిందే.

గడువు బిల్లుకి స్టాంపు డ్యూటీ ఉంటుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మామూలు ఒప్పందానికి స్టాంపు తగ్గితే తర్వాత జరిమానా కట్టి కోర్టులో చూపించుకోవచ్చు. వినిమయ బిల్లుకి ఆ వీలు లేదు, జరిమానా కట్టినా అది సాక్ష్యంగా పనికిరాదు. స్టాంపు అతికించాక దాన్ని మళ్లీ వాడే వీల్లేకుండా రద్దు చేయడం కూడా అవసరమే.

పుస్తకంలో ఎంట్రీ సులువు. వసూలు బిల్లుల ఖాతా డెబిట్, మిల్లు ఖాతా క్రెడిట్, 3,65,000. పాత అకౌంటెన్సీ పుస్తకాల్లో ఈ ఖాతానే వసూలు హుండీలు అంటారు. మిల్లు ఇక మీ బాకీదారుల జాబితాలో కనిపించదు, ఆ చోట్లో బిల్లు ఉంటుంది.

2. గడువు తేదీ లెక్కించడం

ఆగస్టు 13కి మూడు నెలలు కలిపితే నవంబరు 13. దానికి చట్టం ఇచ్చిన మూడు అనుగ్రహ దినాలు కలపాలి, అంటే నవంబరు 16. ఆ రోజు ఆదివారం. గడువు ప్రభుత్వ సెలవు రోజున పడితే దానికి ముందున్న పనిదినానికి వస్తుంది, తర్వాతి రోజుకి జరగదు. కాబట్టి అసలు గడువు నవంబరు 15, శనివారం. అది మూడో శనివారం, బ్యాంకులు పనిచేస్తాయి. అదే రెండో శనివారమో నాలుగో శనివారమో అయితే బ్యాంకులకు సెలవు కాబట్టి శుక్రవారానికి వెళ్లేది.

"సోమవారం కడతాలే" అని మిల్లువాడు అనుకుంటే, శనివారం సాయంత్రానికే బిల్లు చెల్లనట్టు లెక్క. తేదీ ఎప్పుడో అతనికి ముందే రాసి పంపండి.

3. బ్యాంకులో డిస్కౌంట్ చేయడం

నెల గడిచాక మీకు డబ్బు అవసరం పడింది. సెప్టెంబరు 15న బిల్లుని బ్యాంకుకి తీసుకెళ్లారు. వెనకవైపు బ్యాంకు పేరుకి రాసి సంతకం పెట్టారు. ముందుగా మీకు బిల్లుల డిస్కౌంట్ లిమిట్ మంజూరై ఉండాలి. ఇన్‌వాయిస్, లారీ రశీదు కూడా బ్యాంకు అడుగుతుంది. నిజంగా సరుకు చేతులు మారిందా, లేక ఇద్దరూ కలిసి డబ్బు కోసం ఊరికే రాసుకున్న బిల్లా అని చూసుకోవాలి కదా.

రేటు ఏడాదికి 12 శాతం అనుకుందాం. 3,65,000 మీద 12 శాతం అంటే ఏడాదికి 43,800, రోజుకి సరిగ్గా 120 రూపాయలు. సెప్టెంబరు 15 నుంచి నవంబరు 15 వరకు 61 రోజులు. డిస్కౌంట్ 7,320. మీ ఖాతాలో పడేది 3,57,680. పరీక్ష పేపర్లో అయితే రెండు నెలలు అని 7,300 వేస్తారు. బ్యాంకు రోజులు లెక్కపెడుతుంది, ఆ ఇరవై రూపాయల తేడా కోసం స్టేట్‌మెంటుతో కుస్తీ పట్టకండి. ప్రాసెసింగ్ చార్జీ ఏమైనా ఉంటే అది వేరే.

గమనించండి, డిస్కౌంట్ ఎప్పుడూ బిల్లు పూర్తి మొత్తం మీదే. రోజులు మాత్రం బ్యాంకుకి ఇచ్చిన తేదీ నుంచి గడువు దాకా. బిల్లు రాసిన తేదీ నుంచి లెక్కేయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు.

ఎంట్రీ: బ్యాంకు డెబిట్ 3,57,680, డిస్కౌంట్ డెబిట్ 7,320, వసూలు బిల్లులు క్రెడిట్ 3,65,000.

ఇప్పుడు మీ పుస్తకంలో మిల్లు బాకీ లేదు, బిల్లూ లేదు. అంతా అయిపోయినట్టు కనిపిస్తుంది. కానీ మీరు బిల్లు రాసినవారు, వెనక సంతకం పెట్టినవారు కూడా. మిల్లు కట్టకపోతే బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. అందుకే బ్యాంకుకి ఇచ్చిన బిల్లులకు వేరే రిజిస్టరు పెట్టండి: ఎవరిది, ఎంత, గడువు ఎప్పుడు. ఈ మధ్యలో మార్చి 31 వస్తే, గడువు తీరని బిల్లుల మొత్తాన్ని ఆస్తి అప్పుల పట్టీ కింద అనిశ్చిత అప్పుగా చూపాలి. లోపల అంకెల్లో కలపకూడదు, బయట నోటుగానే రాయాలి. ట్రెడ్స్ ప్లాట్‌ఫారాల మీద చిన్న పరిశ్రమలు అమ్ముకునే ఇన్‌వాయిస్‌లకు ఈ బాధ లేదు. అక్కడ కొన్నవాడు కట్టకపోయినా ఫైనాన్స్ చేసినవారు అమ్మినవాడి మీదికి రాకూడదన్నది రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం.

4. బిల్లు తిరిగొచ్చిన రోజు

నవంబరు 15న బ్యాంకు బిల్లుని మిల్లుకి చూపించింది. డబ్బు లేదన్నారు. దీన్నే అనాదరణ అంటారు. బ్యాంకు చేయవలసినవి రెండు. ఒకటి మీకు నోటీసు. బిల్లు రాసినవారిగా మీ బాధ్యత నిలవాలంటే మీకు సకాలంలో నోటీసు అందాలి. వేర్వేరు ఊళ్లలో ఉంటే మరుసటి రోజో, తర్వాతి టపాలోనో పంపాలని చట్టం అంటుంది. నోటీసు బాగా ఆలస్యంగా వచ్చిందనిపిస్తే, దానికి జవాబు రాసే ముందు వకీలుకి చూపించండి. మిల్లుకి మాత్రం చట్టప్రకారం నోటీసు అక్కర్లేదు. తను కట్టలేదని తనకి తెలుసు కదా.

రెండోది నోటింగ్. నోటరీ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన బిల్లుని మళ్లీ చూపించి అడిగించి, చెల్లని తేదీ, చెప్పిన కారణం, తన ఫీజు బిల్లు మీదో దానికి జతచేసిన కాగితం మీదో రాస్తాడు. దేశంలోపలి బిల్లులకు ఇది తప్పనిసరి కాదు. కానీ "మాకు బిల్లు చూపించనే లేదు" అని రేపు మిల్లు అంటే, ఈ కాగితం ముందు ఆ మాట నిలబడదు.

నోటింగ్‌కి 500 అయిందనుకుందాం. బ్యాంకు మీ ఖాతా నుంచి 3,65,500 తీసేసుకుని బిల్లు మీకు తిరిగిస్తుంది. ఖాతాలో అంత లేకపోతే అది ఓవర్‌డ్రాఫ్ట్‌గా మారి, వడ్డీ మొదలవుతుంది.

ఇక్కడి ఎంట్రీ: మిల్లు ఖాతా డెబిట్ 3,65,500, బ్యాంకు క్రెడిట్ 3,65,500.

ఇంతే. తప్పులన్నీ జరిగేది కూడా ఈ ఒక్క ఎంట్రీలోనే. కొందరు వసూలు బిల్లుల ఖాతాని మళ్లీ క్రెడిట్ చేస్తారు. అది డిస్కౌంట్ రోజునే సున్నా అయింది, ఇప్పుడు క్రెడిట్ చేస్తే మైనస్‌లోకి పోతుంది. ఆ ఖాతాలో క్రెడిట్ నిల్వ కనిపించిందంటే చాలావరకు ఇదే కారణం. ఇంకొందరు బ్యాంకు ఇచ్చింది 3,57,680 కాబట్టి మిల్లు మీద అంతే వేస్తారు. మిల్లు ఒప్పుకున్నది 3,65,000, బ్యాంకు మీ దగ్గర తీసుకున్నదీ అంతే. మరి 7,320 డిస్కౌంట్ సంగతి? దాన్ని వెనక్కి తిప్పకూడదు. 61 రోజులు ఆ డబ్బు మీరు వాడుకున్నారు, అది దాని ఖర్చు. బిల్లు చెల్లినా చెల్లకపోయినా ఆ ఖర్చు మీదే.

నోటింగ్ 500 మాత్రం మీ ఖర్చు కాదు. చేతినుంచి కట్టింది మీరే అయినా, తప్పు మిల్లుది కాబట్టి దాని ఖాతాలోకే వెళ్తుంది.

5. ఆ తర్వాత వసూలు

"చెక్కు బౌన్స్ కేసు వేస్తాం" అని బెదిరించేవాళ్లున్నారు. 138 సెక్షన్ చెక్కులకే, అంగీకరించిన బిల్లుకి వర్తించదు. ఉన్న దారి సివిల్ దావా. ఇలాంటి రాతపూర్వక బాకీలకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు కింద వేగంగా నడిచే దావా వేయొచ్చు. అందులో ప్రతివాది వాదించాలంటే ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు వేయాలి. బిల్లులో వడ్డీ రేటు రాయకపోతే, చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదికి 18 శాతం అడగవచ్చని చట్టంలోనే ఉంది. మన బిల్లుకి అది రోజుకి 180 రూపాయలు.

అయితే సీజన్‌లో మళ్లీ సరుకు కొనే మిల్లు మీద ఎవరూ వెంటనే కోర్టుకెళ్లరు. ఎక్కువగా జరిగేది కొత్త బిల్లు. మిల్లు 65,500 నగదు ఇచ్చి, మిగతా 3,00,000కి రెండు నెలలు టైమ్ అడిగింది. మీరు 12 శాతం వడ్డీ, అంటే 6,000 కలిపి 3,06,000కి కొత్త బిల్లు రాసి సంతకం తీసుకున్నారు. ముందు వడ్డీ ఎంట్రీ: మిల్లు డెబిట్, వడ్డీ క్రెడిట్, 6,000. తర్వాత నగదు డెబిట్ 65,500, వసూలు బిల్లులు డెబిట్ 3,06,000, మిల్లు క్రెడిట్ 3,71,500. మిల్లు ఖాతా సున్నా అవుతుంది.

కొత్త బిల్లు మీద సంతకం పడి, నగదు చేతికొచ్చేదాకా నోటరీ రాత ఉన్న పాత బిల్లు వదలకండి. ఈసారి గడువు తేదీ వేసిన చెక్కు కూడా ఒకటి అడగండి. అప్పుడు 138 సెక్షన్ మీ చేతిలో ఉంటుంది. ఈ కొత్త బిల్లుని బ్యాంకుకి పట్టుకెళ్లే ముందు మాత్రం, రెండు నెలల తర్వాత 3,06,000 వెనక్కి కట్టాల్సి వస్తే మీ ఖాతాలో అంత ఉంటుందా అని చూసుకోండి.